బ్యాంకులో 95 వేలు ఎక్కువ కనిపిస్తే, అది మన డబ్బేనా?

ప్రశ్న: గుంటూరులో మా తమ్ముడూ నేనూ కలిసి ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు నడుపుతున్నాం. జనవరి 31న ట్యాలీలో బ్యాంకు నిల్వ రూ.1,84,300 ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రూ.2,79,584 ఉంది. అడిగితే మా అకౌంట్స్ అమ్మాయి అందరికీ ఇలా మెయిల్ పెట్టింది: "ఒక కస్టమర్ కట్టిన 54,600ను 56,400 అని ఎంటర్ చేశాం, సరిచేశాను. కార్డ్ మెషీన్ ఛార్జీలు 1,416 రాయలేదు, రాశాను. ఎవరు పంపారో తెలియని 32,000 ఖాతాలో పడింది, సస్పెన్స్‌లో పెట్టాను. సప్లయర్‌కి 30న ఇచ్చిన 85,000 చెక్కు ఇంకా పాస్ కాలేదు. 31న కార్డ్ మీద జరిగిన 18,500 అమ్మకం బ్యాంకులో ఇంకా పడలేదు." నాకు సగమే అర్థమైంది. బ్యాంకులో ఎక్కువే ఉంది కదా, పాప స్కూలు ఫీజుకి 90 వేలు తీసుకుంటానని తమ్ముడు అంటున్నాడు. ఈ నెల 25 లోపు కట్టాలట. ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఆ 95 వేలలో చాలా భాగం మీది కాదు. ఆ మెయిల్ మాత్రం బాగా రాసిన మెయిల్, లెక్క పైసాతో సహా సరిపోతోంది. అందులోని ఐదు అంశాలూ ఒకే రకానివి కావు. మొదటి మూడూ మీ పుస్తకాల్లో సరిచేయాల్సినవి. చివరి రెండూ తప్పులే కావు, అవి తేదీల తేడాలు. పుస్తకంలో ముందు రాస్తాం, బ్యాంకులో తర్వాత కనిపిస్తాయి. వాటికి ఏ సవరణా రాయకూడదు, ఆ అమ్మాయి రాయలేదు కూడా.

లెక్క మీరే చేసి చూడండి. ట్యాలీలోని 1,84,300 నుంచి 1,800 (56,400కీ 54,600కీ తేడా), 1,416 తీసేసి, 32,000 కలపండి. 2,13,084 వస్తుంది. అదే సరిచేసిన పుస్తకాల నిల్వ. దానికి ఇంకా పాస్ కాని 85,000 కలిపి, ఇంకా పడని 18,500 తీసేస్తే సరిగ్గా 2,79,584. బ్యాంకు చూపించింది అదే. బ్యాంక్ రీకన్సిలియేషన్ అని మీ ఆడిటర్ అడిగేది ఈ లెక్కనే.

ఇక ఒక్కో అంశానికి వద్దాం. 54,600 బదులు 56,400 పడటం అంకెలు తారుమారైన తప్పు. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. 1,800ని 9తో భాగిస్తే 200, శేషం లేదు. కారణం దొరకని తేడా ఏదైనా వస్తే అకౌంటెంట్లు ముందు ఇదే చూస్తారు. ఇలాంటి తప్పు డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిపోల్చే ట్రయల్ బ్యాలెన్స్‌లో బయటపడదు. ఎందుకంటే ట్యాలీలో ఒకే తప్పు అంకె బ్యాంకు ఖాతాలోనూ కస్టమర్ ఖాతాలోనూ రెండు వైపులా పడుతుంది, రెండూ సమానంగానే ఉంటాయి. కాబట్టి "ట్రయల్ బ్యాలెన్స్ ట్యాలీ అయింది సార్" అన్నమాట మీద ఆగిపోవద్దు. ఈ తప్పు వల్ల ఆ కస్టమర్ బాకీ కూడా 1,800 తక్కువగా కనిపించింది. ఇప్పుడు ఆ బాకీ 1,800 పెరిగిందో లేదో ఆయన లెడ్జర్ తెరిచి చూడండి. ఆయనకు ఇప్పటికే స్టేట్‌మెంట్ పంపి ఉంటే సరిచేసినది మళ్లీ పంపాలి.

కార్డ్ మెషీన్ ఛార్జీల్లో చిన్న మెలిక ఉంది. 1,416లో బ్యాంకు కమీషన్ 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 216. మొత్తాన్నీ ఖర్చు కింద రాసేస్తే, మీరు కట్టే జీఎస్టీలో తగ్గించుకోగల ఆ 216 ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది. రెండూ వేర్వేరుగా రాశారా, బ్యాంకు ఇచ్చిన పన్ను ఇన్‌వాయిస్ మీకు వచ్చే క్రెడిట్ల జాబితా జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తోందా అని అడగండి. ఒక్క నెలకు చిన్న మొత్తమే. కానీ ఇది ప్రతి నెలా వచ్చేది, ఏడాదికి రెండున్నర వేలు దాటుతుంది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది సస్పెన్స్‌లోని, అంటే ఎవరిదో తేలని సొమ్ము రాసే ఖాతాలోని 32,000. తాత్కాలికంగా అక్కడ పెట్టడం సరైన పనే, అక్కడే వదిలేయడం ప్రమాదం. స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ పక్కన లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరూ, చాలాసార్లు పంపినవారి పేరూ ఉంటాయి. ముందు మీ బాకీదారుల్లో 32,000కి సరిపోయే బిల్లు ఎవరిదైనా ఉందేమో చూడండి. షాపు పేరుతో కొని, భార్య ఖాతా నుంచో కొడుకు ఖాతా నుంచో డబ్బు పంపేవాళ్లు మన దగ్గర చాలామంది. దొరకకపోతే యూటీఆర్ నంబరుతో బ్యాంకు బ్రాంచికి వెళ్లండి. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి "పొరపాటున మీకు పడింది, ఈ నంబరుకి తిరిగి పంపండి" అంటే పంపొద్దు. అది సైబర్ మోసం డబ్బు అయితే ఫిర్యాదు మీద మీ ఖాతాలో ఆ మొత్తం నిలిపివేస్తారు, మీరు వేరే ఖాతాకి పంపింది మాత్రం తిరిగి రాదు. వెనక్కి ఇవ్వాల్సి వస్తే బ్యాంకుకి రాసిచ్చి, వచ్చిన ఖాతాకే పంపించాలి. కస్టమర్‌దేనని తేలినా అది లాభం కాదు, పాత బాకీ వసూలు.

ఇప్పుడు మీ తమ్ముడి 90 వేల సంగతి. బ్యాంకులో కనిపించే 2,79,584 నుంచి సప్లయర్ చెక్కు ఏ రోజైనా 85,000 తీసుకుపోతుంది. అందుకే ఖర్చుకి ఆధారం బ్యాంకు నిల్వ కాదు, సరిచేసిన పుస్తకాల నిల్వ 2,13,084. అందులో ఎవరిదో తేలని 32,000 పక్కన పెడితే మిగిలేది 1,81,084. మీ జీతాలు, అద్దె, 20వ తేదీలోపు కట్టాల్సిన జీఎస్టీ ఎంతో మీరు రాయలేదు. ఉదాహరణకు జీతాలూ అద్దే 1,10,000, జీఎస్టీ 62,000 అనుకుందాం. చేతిలో ఉండేది 9,084. మీ అసలు అంకెలు పెట్టి ఇదే లెక్క చేయండి. నేననుకున్నవి దగ్గరగా ఉంటే, ఇప్పుడు 90 వేలు తీయడమంటే ఫిబ్రవరి వసూళ్లు వస్తాయన్న నమ్మకం మీద తీయడమే. అవి ఆలస్యమైతే దెబ్బ జీఎస్టీ మీదో, ఆ చెక్కు మీదో పడుతుంది. నిధులు లేక చెక్కు తిరిగొస్తే వ్యవహారం సెక్షన్ 138 కేసు దాకా వెళ్లవచ్చు, సప్లయర్ దగ్గర అరువు పరపతి అంతకంటే ముందే పోతుంది.

ఫీజు గడువు 25 కాబట్టి 20 దాకా ఆగండి. జీఎస్టీ కట్టాక, చెక్కు పాస్ అయ్యాక మిగిలిన దాంట్లోంచి ఇవ్వండి, అది ఆయన క్యాపిటల్ ఖాతాలో డ్రాయింగ్స్‌గానే, అంటే సొంతానికి తీసుకున్న సొమ్ముగానే పడాలి. చాలకపోతే స్కూల్లో రెండు వాయిదాలు అడగమనండి. పిల్లల ఫీజు ఏటా వచ్చేదే కాబట్టి వచ్చే ఏడాదికి ఆయన నెలనెలా తీసుకునే డ్రాయింగ్స్‌లోంచే 7,500 ఆర్‌డీలో వేసుకుంటే ఈ మొత్తం పోగవుతుంది. షాపు ఖాతా వైపు చూడాల్సిన పని ఉండదు.

ఆ అమ్మాయి మీద అనుమానం వద్దు. కానీ సరిచూసే పని మీరే చేయండి. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని కాకుండా, మీ లాగిన్‌తో మీరే స్టేట్‌మెంట్ దించుకోండి. 18,500 కార్డ్ డబ్బు ఫిబ్రవరి మొదటి రెండు మూడు పనిదినాల్లో పడిందో లేదో చూడండి. 85,000 చెక్కు కూడా కొద్ది రోజుల్లో పాస్ కావాలి. చెక్కు గడువు మూడు నెలలే, అప్పటికీ పాస్ కాకపోతే దాన్ని రద్దు చేసి సప్లయర్ బాకీగా తిరిగి రాయాలి. ఫిబ్రవరి నెలాఖరు లెక్కలో ఈ రెండు వరుసలూ మాయమై, వాటి స్థానంలో కొత్తవి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. అవే అంకెలు నెల తర్వాత నెల అలాగే కొనసాగితే మాత్రం ఆడిటర్‌ని పిలిచి, ఆ చెక్కు నిజంగా సప్లయర్‌కి అందిందా అని ఆయన్నే ఫోన్ చేసి అడగమనండి.