రెండు గంటల మినిమం, అరగంట రౌండింగ్: ఇంటర్‌ప్రెటర్ బిల్లులో డబ్బు ఎక్కడ జారిపోతుంది

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. ఏజెన్సీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేరావు, కాంట్రాక్టులో 2 గంటలు మినిమం, ఆ పైన ప్రతి అరగంటకు పైకి రౌండ్ అని రాశారు, హాస్పిటల్లో మొదటి పని 40 నిమిషాల్లో అయిపోయింది, ఇప్పుడు 2 గంటలకు బిల్లు వేస్తే అన్యాయంగా తీసుకున్నట్టు ఉంటుందేమోనని అడిగావు. బిల్లు వేసెయ్, పూర్తిగా 2 గంటలకూ వేసెయ్. కొత్తగా వచ్చిన మనవాళ్లందరికీ ఈ మొహమాటమే ముందు అడ్డొస్తుంది. నాకూ అడ్డొచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పన్నులు, రిజిస్ట్రేషన్, నీ వీసా మీద ఈ పని చేయొచ్చా లేదా అనేవి నువ్వున్న దేశం ప్రభుత్వ సైట్లో ఉంటాయి, ముందు అవి చూసుకో. అక్కడ ఎవరూ రాయని డబ్బు సంగతి నేను చెప్తాను.

ముందు ఆ మినిమం ఎందుకు పెట్టారో చూడు. ఉదయం 9కి మొదలయ్యే పని అనుకుందాం. ఇంటి నుంచి 50 నిమిషాల ప్రయాణం, పావుగంట ముందే చేరాలి, అంటే 7:55కి బయలుదేరతావు. 9:40కి పంపించేస్తే 10:30కి ఇంట్లో ఉంటావు. 40 నిమిషాల పనికి నీ రోజులో 2 గంటల 35 నిమిషాలు పోయాయి. వచ్చేది 2 గంటల డబ్బు, అంటే ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే గంటకు నీ రేటులో ముప్పాతిక దాటి కొంచెం. అదే పని 11 వరకు సాగితే బయట గడిపింది 3 గంటల 55 నిమిషాలు, డబ్బు మాత్రం అదే 2 గంటలది, గంటకు సగం రేటు. ప్రయాణానికి విడిగా ఇవ్వని కాంట్రాక్టుల్లో మినిమమే నీ దారి ఖర్చు. దాన్ని వదులుకుంటే నీ జేబులోంచి పెట్టి పని చేసినట్టే.

ఇక అసలు డబ్బు పోయే చోటు టైమ్‌షీట్. నేను మొదట్లో పేషెంటు, డాక్టరు మాట్లాడుకున్న సమయాన్నే పని సమయం అనుకున్నాను. బుకింగ్ 10 గంటలకు. నేను 9:45కే అక్కడ ఉండేదాన్ని. డాక్టరు లోపలికి పిలిచేసరికి 10:25, బయటికి వచ్చేసరికి 12:04. షీట్ మీద "10:25 నుంచి 12:04" అని రాసి సంతకం పెట్టించుకుని వచ్చేదాన్ని. అది 99 నిమిషాలు, మినిమం లోపలే ఉంది కాబట్టి 2 గంటలు ఇచ్చేవాళ్లు. మామూలుగా కాంట్రాక్టుల్లో లెక్క మొదలయ్యేది బుక్ చేసిన సమయం నుంచి, ముగిసేది వాళ్లు "ఇక వెళ్లొచ్చు" అని వదిలిన సమయానికి, దాన్నే రిలీజ్ టైమ్ అంటారు. ఆ ప్రకారం 10:00 నుంచి 12:04 అంటే 124 నిమిషాలు, 2 గంటలు దాటింది కాబట్టి రెండున్నర గంటల బిల్లు. వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఆ 25 నిమిషాలు నేను రాయకపోవడం వల్ల అరగంట డబ్బు పోయింది. ఒక్కసారి అరగంటే కదా అనిపిస్తుంది, కానీ హాస్పిటల్లో ఆలస్యం రోజూ ఉండేదే. చాలాకాలం అలాగే రాశాను. నాతో పాటు వెయిటింగ్ హాల్లో కూర్చునే వేరే భాష ఇంటర్‌ప్రెటర్ ఒకావిడ నా షీట్ చూసి, కాంట్రాక్టు తీసి ఆ లైను మీద వేలు పెట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. నీకైనా మొదటి రోజే తెలియాలని చెప్తున్నా.

కాబట్టి షీట్ మీద మూడు సమయాలు రాయి: బుకింగ్ సమయం, నువ్వు చేరిన సమయం, రిలీజ్ సమయం. రిలీజ్ సమయం పక్కనే సంతకం చేయించు, ఖాళీ షీట్ మీద ముందే సంతకం తీసుకోకు. నువ్వు ముందే చేరిన పావుగంటకు సాధారణంగా డబ్బు రాదు, అది ఆశించకు. నువ్వు ఆలస్యంగా వెళ్తే మాత్రం లెక్క తిరగబడుతుంది: చేరిన సమయం నుంచే కడతారు, కొన్నిచోట్ల మినిమం కూడా ఎగిరిపోతుంది. 12:04 లాంటి చోట ఇంకో మెలిక ఉంటుంది. కొన్ని కాంట్రాక్టుల్లో గ్రేస్ అని కొద్ది నిమిషాలు వదిలేస్తారు, అంత దాటితేనే తర్వాతి అరగంట పుడుతుంది. నీ కాంట్రాక్టులో గ్రేస్ ఉందా, ఉంటే ఎన్ని నిమిషాలు అన్నది చూసుకో. లేదంటే నువ్వు రెండున్నర అనుకున్నది వాళ్లు 2 అంటారు, ఆ మాట నిజమే అవుతుంది.

ఇంకోటి, పని బుక్ చేసిన వ్యవధి దాటేలా ఉంటే ముందే ఏజెన్సీ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయాలన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. డాక్టరు ఇంకా లోపలే ఉన్నాడు, మధ్యలో లేచి రాలేవు, అప్పుడు మెసేజ్ అయినా పెట్టు, "12 దాటుతోంది, కొనసాగించమంటారా" అని. నా విషయంలో ఒకసారి పని గంట దాకా ఎక్కువ సాగింది, నేను ఎవరికీ చెప్పలేదు, హాస్పిటల్ సంతకం ఉన్నా ఏజెన్సీ పైసా ఇవ్వలేదు. ఆ నెల అద్దె ఎలా కట్టాలా అని ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఈ పనిలో డబ్బు నెల, నెలన్నర తర్వాత వస్తుంది, అందుకే ఇవాళ పోయిన అరగంట నొప్పి అప్పుడు తెలుస్తుంది.

నీ రెండో ప్రశ్న: ఒకే హాస్పిటల్లో ఒకే పూట ముగ్గురు పేషెంట్లు ఉంటే మూడు మినిమంలు, అంటే 6 గంటలు వస్తాయా? రావు. ఆశపడకు. 9:00 నుంచి 9:40, 10:15 నుంచి 10:50, 11:30 నుంచి 12:10 అనుకో. డబ్బు కట్టేది ఒకరే, చోటూ ఒకటే కాబట్టి కోఆర్డినేటర్ దీన్ని ఒక బ్లాకుగా పెడతారు, 9:00 నుంచి 12:10 దాకా. 190 నిమిషాలు, పైకి రౌండ్ చేస్తే మూడున్నర గంటలు. ఇక్కడ నువ్వు చూసుకోవాల్సింది మధ్యలో ఖాళీలు కూడా లెక్కలోకి వచ్చాయా అని. కొందరు ఒక్కో పేషెంటుకు విడిగా రౌండ్ చేసి 1, 1, 1 కలిపి 3 గంటలు అంటారు. ఆ ఖాళీల్లో నువ్వు ఎక్కడికీ పోలేవు, వాళ్ల కోసమే కూర్చున్నావు, కాబట్టి మొత్తం బ్లాకును కలిపి చివర్లో ఒక్కసారే రౌండ్ చేయమని అడుగు. ఒప్పుకునే ముందే అడుగు, తర్వాత కాదు. మంచి కోఆర్డినేటర్ అయితే తనే పేషెంట్లను దగ్గర దగ్గరగా పెడుతుంది, హాస్పిటల్‌కీ ఖర్చు తగ్గుతుంది కదా. ఆమె మీద కోపం పెట్టుకోకు, అలా బ్లాకులు కట్టేవాళ్లే నీకు మళ్లీ మళ్లీ పని ఇస్తారు.

వేర్వేరు చోట్ల, వేర్వేరు వాళ్లు కట్టే పనులైతే ఒక్కోదానికి ఒక్కో మినిమం న్యాయంగా వస్తుంది. కానీ ఇక్కడే కొత్తవాళ్లు అత్యాశకు పోతారు. 9కి మొదలయ్యే పని నలభై నిమిషాల్లో అవుతుందిలే అని 10:30కి ఇంకో చోట ఒప్పుకుంటారు. ఆ 2 గంటలకు డబ్బు కడుతున్నారంటే 11 దాకా నిన్ను ఉంచుకునే హక్కు వాళ్లది. డాక్టరు ఆలస్యం చేస్తే నువ్వు మధ్యలో లేచి వెళ్లాలి, లేదా రెండో చోటికి ఆలస్యంగా పోయి అక్కడి మినిమం పోగొట్టుకోవాలి. నా పద్ధతి చెప్తాను: మినిమం ముగిసే 11:00కి ఒక అరగంట కలుపు, ప్రయాణం 40 నిమిషాలు కలుపు, 12:10 అయింది, పావుగంట ముందు చేరాలి కాబట్టి 12:30 కంటే ముందు పని ఒప్పుకోకు. రోజుకు రెండు పనులు ఇలా నిమ్మళంగా పడితే చాలు. మూడోది ఇరికిస్తే మొదటి రెండూ చెడతాయి. మధ్యలో ఫోన్ ఇంటర్‌ప్రెటింగ్ వస్తే తీసుకో, అది ఎక్కువగా నిమిషాల లెక్క. కానీ బ్లాకు లోపల కూర్చుని వేరేవాళ్ల ఫోన్ ఎత్తకు, ఒకే సమయాన్ని ఇద్దరికి అమ్మినట్టు అవుతుంది, తెలిస్తే రెండు చోట్లా పేరు పోతుంది.

కాన్సిల్ అయిన పనుల మాట కూడా చూసుకో. సాధారణంగా 24 గంటల లోపు, కొన్నిచోట్ల 48 గంటల లోపు రద్దు చేస్తే డబ్బు ఇస్తారు. మినిమం ఇస్తారా, బుక్ చేసిన మొత్తం ఇస్తారా అన్నదే తేడా. 3 గంటల పనిగా బుక్ చేసి గంటలో వదిలేసినా ఇదే ప్రశ్న. "మినిమం లేదా బుక్ చేసిన సమయం, ఏది ఎక్కువైతే అది" అని రాసి ఉంటే నీకు 3 గంటలు వస్తాయి, ఆ మాట లేకపోతే 2 గంటలే. పేషెంటు రాకపోతే వెంటనే వెళ్లిపోకు, కాంట్రాక్టులో చెప్పినంతసేపు ఆగి, కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి, కౌంటర్లో సంతకం తీసుకుని కదులు.

లెక్క చేతితో వేయకు, స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకో. A2లో బుకింగ్ సమయం, B2లో రిలీజ్ సమయం అనుకుంటే ఇది సరిపోతుంది:

```
=MAX(120, CEILING(ROUND(MOD(B2-A2,1)*1440,0),30))/60
```

మధ్యలో ROUND ఎందుకంటే, స్ప్రెడ్‌షీట్ సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. ఆ దశాంశాల్లో వెంట్రుకవాసి తేడా వస్తే, సరిగ్గా రెండున్నర గంటల పని కూడా ఒక్కోసారి 3 గంటలకు రౌండ్ అయిపోవచ్చు. ముందు నిమిషాలకు సరిచేస్తే ఆ గొడవ ఉండదు. MOD ఉంచితే అర్ధరాత్రి దాటిన ఎమర్జెన్సీ పని కూడా సరిగ్గా వస్తుంది. ఇది గ్రేస్ లేని కాంట్రాక్టుకు, నీకు గ్రేస్ ఉంటే ఆ నిమిషాలు ముందే తీసేయాలి. పక్కనే ఇంకో కాలమ్‌లో ఇంటి నుంచి ఇంటికి ఎంతసేపు పట్టిందో రాసుకో, ఏ హాస్పిటల్ నీకు గిట్టుబాటో నెల తిరిగేలోపు తెలిసిపోతుంది.

నెలాఖరు స్టేట్‌మెంటు వచ్చినప్పుడు నీ షీట్‌తో లైను లైనుకీ పోల్చు. తేడా ఉంటే ఫోన్లో వాదించకు, మెయిల్ రాయి: పని నంబరు, బుకింగ్ 10:00, రిలీజ్ 12:04, సంతకం ఉన్న షీట్ ఫోటో, కాంట్రాక్టులో ఫలానా పేరా ప్రకారం రెండున్నర గంటలు, మీరు 2 గంటలు వేశారు, సరిచేయగలరు. అంతే, ఇంకేమీ రాయకు. నేను ఇలా రాయడం మొదలుపెట్టాక కోఆర్డినేటర్లు నాతో వాదించడం మానేశారు, చాలాసార్లు తర్వాతి చెల్లింపులోనే కలిపి పంపారు. ముందు ఆ మొదటి పని షీట్ సరిచేసి పంపు, 40 నిమిషాలు అని కాదు, బుకింగ్ సమయం, రిలీజ్ సమయం రాసి, మినిమం 2 గంటలు అని.