ఐసీయూ నర్సు నుంచి ఫార్మకోవిజిలెన్స్‌కు: రిక్రూటర్‌కు ఏం రాయాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ చేసి, గుంటూరులోని ఒక ఆస్పత్రి ఐసీయూలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాల సమాచారాన్ని నమోదు చేసి పరిశీలించే ఉద్యోగానికి మారాలనుకుంటున్నాను. నాకు ఓపిక, టీమ్‌వర్క్, ఒత్తిడిలో పనిచేసే అలవాటు ఉన్నాయని రిక్రూటర్లకు రాస్తే ఒకరు నర్సు ఖాళీల వివరాలు పంపారు, మిగతావారు పలకలేదు. నా అనుభవాన్ని ఎలా చెప్పాలి?

జవాబు: నర్సు ఖాళీల వివరాలు వచ్చాయంటే, ఆ రిక్రూటర్‌కు మీ మెసేజ్‌లో నర్సు తప్ప మరొకరు కనిపించలేదని అర్థం. ఓపిక, టీమ్‌వర్క్ ప్రతి దరఖాస్తులోనూ ఉండే మాటలే కాబట్టి వాటిని చదివి ఎవరూ ఏ నిర్ణయానికీ రాలేరు. పైగా రిక్రూటర్ సాధారణంగా వైద్యరంగం నుంచి వచ్చిన వ్యక్తి కారు. ఐసీయూలో మీరు చేసే పనికి, కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఈ పనికి ఉన్న సంబంధాన్ని ఆయన ఊహించుకోలేరు, మీరే చూపించాలి.

ఆ సంబంధం మీరు అనుకుంటున్న దానికంటే దగ్గరిది. మందు వల్ల వచ్చిందని అనుమానిస్తున్న దుష్ప్రభావం గురించి సమాచారం అందగానే, కేసు ప్రాసెసింగ్ చేసేవారు మొదట నాలుగు విషయాలు ఉన్నాయా అని చూస్తారు: గుర్తించదగిన రోగి, సమాచారం ఇచ్చిన వ్యక్తి, అనుమానిత మందు, దుష్ప్రభావం. ఆ తర్వాత వివరాలను డేటాబేస్‌లో నమోదు చేసి, దుష్ప్రభావానికి మెడ్‌డ్రా అనే అంతర్జాతీయ వైద్య పదజాలం ప్రకారం కోడ్ ఇచ్చి, జరిగినదంతా కాలక్రమంలో ఒక కథనంగా రాస్తారు. మందు ఆపాక లక్షణం తగ్గిందా అన్నదాన్ని డీచాలెంజ్ అని, మళ్లీ ఇచ్చినప్పుడు తిరిగి వచ్చిందా అన్నదాన్ని రీచాలెంజ్ అని అంటారు. ఈ రెండు పేర్లు మీకు కొత్త కావచ్చు గానీ, ఆ రెంటినీ మంచం పక్కన నిలబడి గమనించి నోట్స్‌లో రాసింది మీలాంటి నర్సులే. మెసేజ్‌లో చెప్పాల్సింది ఇదే.

కాబట్టి గుణాల జాబితా తీసేసి, మీరు నిజంగా చూసిన ఒక్క సంఘటన రాయండి. ఉదాహరణకు ఇలా:

«నమస్కారం. మీరు ప్రకటించిన డ్రగ్ సేఫ్టీ అసోసియేట్ ఉద్యోగం గురించి రాస్తున్నాను. ఏ మందు ఎప్పుడు, ఎంత మోతాదులో ఇచ్చామో, తర్వాత రోగిలో ఏ మార్పు వచ్చిందో వరుస తప్పకుండా నమోదు చేయడం ఆరేళ్లుగా ఐసీయూలో నా రోజువారీ పని. ఒకసారి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తుండగా రోగికి ముఖం, మెడ ఎర్రబడి దురద మొదలైంది. ఇన్‌ఫ్యూజన్ ఆపి డాక్టర్‌కు తెలియజేశాను. లక్షణాలు తగ్గిన సమయాన్నీ, డాక్టర్ సూచనతో తక్కువ వేగంలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు అవి తిరిగి రాలేదన్న విషయాన్నీ నోట్స్‌లో రాశాను. సేఫ్టీ డేటాబేస్‌లో పనిచేసిన అనుభవం నాకు లేదు, మెడ్‌డ్రా కోడింగ్ ప్రాథమికాంశాలు నేర్చుకుంటున్నాను. ఎంట్రీ స్థాయిలో చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ ఉద్యోగానికి బీఎస్సీ నర్సింగ్ అర్హతను పరిగణిస్తారా?»

దీన్ని ఇంగ్లీషులో ఇంతే నిడివిలో రాసుకోండి. వాంకోమైసిన్ సంఘటన మీది కాకపోతే దాన్ని తీసేసి మీదైనది పెట్టండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో దాని మీదే ప్రశ్నలు వస్తాయి. గ్రాము మందును కనీసం గంటసేపు ఎక్కించాలన్న నియమం, వేగం పెరిగితే ఆ ఎర్రదనం ఎందుకు వస్తుందన్న కారణం చెప్పలేని వ్యక్తి ఆ కథను అరువు తెచ్చుకున్నారని ఇంటర్వ్యూ చేసే డాక్టర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు. రోగి పేరు, ఐపీ నంబరు, తేదీ మాత్రం ఎక్కడా రాయకూడదు. రోగి గోప్యత ఈ ఉద్యోగంలో మొదటి నియమం కనుక, మెసేజ్‌లోనే దాన్ని మీరితే మిగతా అర్హతలు ఎన్ని ఉన్నా పనికిరావు.

లేని అనుభవాన్ని ఒక్క వాక్యంలో ఒప్పుకోవడం నష్టమనుకోకండి. రిక్రూటర్ ఎలాగూ మొదట అడిగేది అదే. నేర్చుకుంటున్నానని రాసేముందు నిజంగా మొదలుపెట్టండి. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి దుష్ప్రభావాల నివేదిక ఫారం తీసుకుని, ఒక కల్పిత కేసుతో నింపి చూడండి. ఆస్పత్రిలో మీరెప్పుడైనా ఆ ఫారం నిజంగానే పంపి ఉంటే, ఆ విషయం మెసేజ్‌లో వాంకోమైసిన్ కంటే ముందు రావాలి, ఎందుకంటే అది ఈ రంగంలో మీరు ఇప్పటికే చేసిన పని.

చివరి ప్రశ్నను వదిలేయకండి. చాలా ప్రకటనల్లో బీఫార్మసీ, ఎంఫార్మసీ, ఫార్మ్‌డీ అని మాత్రమే ఉంటుంది, నర్సింగ్‌ను కొన్ని సంస్థలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అవునో కాదో చెప్పడం రిక్రూటర్‌కు తేలిక కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. కాదన్న చోట వాదించి లాభం లేదు, మరో సంస్థకు రాయండి. జీతం మొదట్లో ఇప్పటికంటే తగ్గవచ్చన్న సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి, ఎంట్రీ స్థాయి అని రాశాక ఆ మాట మీద నిలబడాల్సి ఉంటుంది.