బీఎన్ఆర్ తాళంకప్ప కొనేముందు

ఒరే అల్లుడూ,

నువ్వు బరంపురంలో చూశానని ఫోటో పంపిన ఇత్తడి తాళంకప్ప రాత్రి మళ్ళీ మళ్ళీ జూమ్ చేసి చూశాను, తొందరపడి డబ్బులు ఇచ్చేయకు. దాని మీద B.N.R. అని ఉంది కదా, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ కంపెనీ 1887లో మొదలైంది, 1952 ఏప్రిల్‌లో ఈస్టర్న్ రైల్వేలో కలిపేశారు, 1955లో మన వైపంతా సౌత్ ఈస్టర్న్ అయింది. కాబట్టి అక్షరాలు నిజమైతే కప్ప 1952కి ముందుదే, అంతకంటే కచ్చితంగా అక్షరాలు చెప్పవు, మిగతాది ఇత్తడే చెప్పాలి.

ముందు అక్షరాల అంచులు చూడు. పంచ్‌తో కొట్టినవైతే ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉంటాయి, గోరు పెట్టి లాగితే అంచు తగుల్తుంది. పోతలో వచ్చినవైతే అంచులు కరిగిన సబ్బులా మెత్తగా ఉంటాయి. పోత అయినంత మాత్రాన దొంగది కాదు గానీ, అసలు కప్పని అచ్చు తీసి పోసిన నకలు ఇలాగే ఉంటుంది, పైగా ఇత్తడి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అసలుదానికంటే కాస్త చిన్నదవుతుంది. పర్లాకిమిడిలో నా దగ్గరున్నది తెచ్చి పక్కన పెట్టి కొలువు.

తర్వాత అరుగుదల. తాళంచెవి కన్నం మీద మూత ఉంటుంది కదా, అది ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరిగితే కింద ఇత్తడి మీద వంపుగా గీత పడాలి. పైన వంకీ లోపలి వైపు గొళ్ళెం రాసుకుని నున్నగా అరగాలి. నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉందంటే మందు పూశారన్నమాట, నిజమైన నలుపు గుంటల్లోనే దాక్కుంటుంది, చేతులు తగిలేచోట మెరుస్తుంది.

నేను పదేళ్ళ కిందట ఇలాంటిదే కొని మోసపోయాను రా. నల్లగా బ్రహ్మాండంగా ఉంది, ఇంటికొచ్చాక మూత పైకెత్తితే దాని సీల తల మీద ప్లస్ ఆకారం గాడి. ఆ రకం సీలలు 1930ల్లో గానీ రాలేదు, ఒక్క సీలే అయితే ఎవరో మార్చారనుకోవచ్చు, కానీ వంకీ లోపల అరుగుదల అస్సలు లేదు, మూత కింద గీత కూడా లేదు, అప్పుడు అర్థమైంది.

తాళంచెవి ఉందా అని అడుగు. దానితో వచ్చి, ఆడుతున్న తాళంచెవి ఉంటే కొనేవాళ్ళు బాగా ఎక్కువ ఇస్తారు, అదే ఏదో ఒకటి తెచ్చి జత చేశారంటే ధర పడిపోతుంది. చెవి పళ్ళ చివర్లు కప్ప లోపలి ఆకులకి, అంటే పలుచటి రేకులకి, రాసుకుని మెరవాలి, కొత్తగా ఆకురాయి పెట్టిన గీతలు కనిపిస్తే వద్దు.

కొన్నాక మాత్రం చింతపండు పెట్టి తోమకు, చుక్క కిరోసిన్ పోసి మెల్లగా తిప్పు చాలు. ఆ నలుపు కోసమే డబ్బులిస్తార్రా.

ముందు మూత తెరిచిన ఫోటో, వంకీ లోపలివైపు ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ మావయ్య