సందేహాలు – సమాధానాలు: అన్ని వాక్యాలూ ‘ఉంది’ దగ్గరే ఆగితే

సందేహం: నమస్కారమండి. నల్లగొండలో టీచర్‌ను. బడి పత్రిక కోసం ఒక పేరా రాశాను. ‘పానగల్లు నల్లగొండ పక్కనే ఉంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఈ గుడిని కందూరు చోడులు కట్టించారు. ఈ గుడిలో మూడు గర్భగుళ్లు ఉన్నాయి. ఈ గుడిలో ఒకచోట నీడ ఉంటుంది. ఈ నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. ఈ గుడి పక్కన ఉదయసముద్రం ఉంది.’ తప్పేమీ లేదంటున్నారు గానీ, చదివితే ఎక్కాలు ఒప్పజెప్పినట్టుంది. దీనికి వ్యాకరణంలో నియమం ఏమైనా ఉందా?

సమాధానం: నియమం లేదమ్మా. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధికి, సమాసానికి, క్రియకు వేరువేరు పరిచ్ఛేదాలున్నాయి. వాక్యానికంటూ ఒక పరిచ్ఛేదం లేదు. ఏ వాక్యం ఎంత పొడవుండాలో, దేనితో మొదలుపెట్టాలో మనకు చెప్పింది సూత్రాలు కాదు, కవులు. అందుకే పోతన దగ్గరికి వెళదాం. ఈ సంగతి ఆయన దగ్గర నేర్చుకున్నంత సుఖంగా ఇంకెక్కడా నేర్చుకోలేం.

గజేంద్రమోక్షంలో ‘అల వైకుంఠపురంబులో’ పద్యం మీ పిల్లలకు కూడా నోటికి వచ్చే ఉంటుంది. అది నాలుగు పాదాల పొడవునా ఒకటే వాక్యం. మొదలు కర్తతో కాదు, చోటుతో. వైకుంఠపురం, అందులో నగరు, అందులో ఒక మూలనున్న సౌధం, ఆ పక్కన మందారవనం, ఇంత దూరం నడిపించాక గానీ ‘ఆపన్నప్రసన్నుండు’ అని కర్త కనిపించడు. పోనీ ఆఖరికైనా వాక్యం ముగుస్తుందా అంటే, ‘సంరంభియై’ అని తెగకుండానే ఆగుతుంది. సమాపకక్రియ లేదు. ఊపిరి అక్కడ బిగబట్టించి, వెంటనే తర్వాతి పద్యం రెండే మాటల వాక్యంతో ఎత్తుకుంటాడు:

సిరికిం జెప్పఁడు; శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ డే
పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం బన్నింపఁ డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడఁడు గజప్రాణావనోత్సాహియై.

క్రియలు మాత్రం ఏరి చూడండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ ‘డు’తోనే ముగిశాయి, ఆరూ వ్యతిరేకార్థకాలే. మీ పేరాలో ‘ఉంది’ ఎన్నిసార్లు వచ్చిందో ఇక్కడ ‘డు’ దాదాపు అన్నిసార్లు వచ్చింది. అయినా ఎవరికీ విసుగు రాలేదు. ఎందుకంటే మొదటి వాక్యం చిన్నది, రెండోది దానికన్నా పెద్దది, మళ్లీ రెండు చిన్నవి, ఐదోది సాగుతుంది, ఆరోది ఒక పెద్ద సమాసాన్ని మోసుకుంటూ అన్నిటికన్నా పొడుగ్గా సాగుతుంది. పైగా ఇది మత్తేభం. ప్రతి పాదానికీ సరిగ్గా 20 అక్షరాలు. పాదాలన్నీ సమానమే, వాక్యాలు మాత్రం కావు. మొదటి మూడు పాదాల్లో ఏ ఒక్కటీ వాక్యం ముగిసిన చోట ఆగలేదు. మొదళ్లు చూస్తే ఒకటి ‘సిరికిన్’ అని ఎవరికో చెప్పింది, ఒకటి శంఖచక్రాలతో మొదలైంది, ఒకటి ‘ఏ పరివారంబునున్’ అంది. ‘అతడు’ అన్న మాట ఒక్కసారీ లేదు. వెనక పద్యంలో చెప్పాడు, క్రియలో ‘డు’ ఉంది, అది చాలు. ఈ మధ్య పిల్లల వ్యాసాల్లో ‘అతను వచ్చాడు. అతను కూర్చున్నాడు. అతను అన్నాడు’ అని కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వచ్చినవాడెవరో మన క్రియే చెప్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక మీ పేరా. ప్రతి వాక్యంలో మొదటి మాట, చివరి మాట మాత్రం పైకి చదవండి. ఏడింటిలో ఐదు ‘ఈ’తో మొదలయ్యాయి, ఆరు ‘ఉండు’ ధాతువు మీదే ఆగాయి. మాటలు లెక్కపెడితే అన్నీ నాలుగో ఐదో. జబ్బు తెలుగులో ఎక్కువగా వాక్యం చివర ఉంటుంది, ఎందుకంటే మన క్రియ అక్కడే కూర్చుంటుంది. మొదలు మార్చినా తోక అదే ఉంటే చెవి ఒప్పుకోదు. అందుకే వాక్యాల ముందు ‘అలాగే’, ‘అంతేకాక’, ‘మరియు’ తగిలించినందువల్ల ఏమీ ఒరగదు. ‘నిర్మించడం జరిగింది’ అన్న ఆఫీసు భాష అంతకన్నా అన్యాయం. కట్టించినవాళ్లను చెరిపేసి, ‘ఉంది’ పోయిన చోట ‘జరిగింది’ తెచ్చి పెడుతుంది.

క్త్వార్థకంతో కలుపుదామా? ‘పానగల్లు నల్లగొండ పక్కన ఉండి, కందూరు చోడులు కట్టించి’ అంటే కుదరదు. రెండు పనులకూ కర్త ఒక్కరైతేనే ‘-ఇ’ నప్పుతుంది. ఇక్కడ పక్కన ఉన్నది ఊరు, కట్టించింది చోడులు. ఇలాంటి చోట ధాతుజ విశేషణం అక్కరకొస్తుంది. ‘కట్టించారు’ను ‘కట్టించిన’ చేస్తే ఒక వాక్యం ఇంకో వాక్యంలో ఇమిడిపోతుంది. అలాగని ‘చోడులు కట్టించిన, మూడు గర్భగుళ్లున్న, చెరువు పక్కనున్న, నీడ కదలని’ అని నాలుగు పేరిస్తే, గుడి అన్న మాట వచ్చేదాకా చదివేవాడు అన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఒక నామవాచకానికి ఒకటి, మహా అయితే రెండు. నేనైతే ఇలా రాస్తాను:

‘నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులో కందూరు చోడులు కట్టించిన ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదాంట్లో, గోడ మీద పడ్డ స్తంభం నీడ పొద్దు ఎంత తిరిగినా కదలదు. గుడి పక్కనే ఉదయసముద్రం.’

ఏడు నాలుగయ్యాయి, సమాచారం ఏదీ పోలేదు. ‘ఉంది’ ఒక్కచోటే మిగిలింది. ‘కదలకుండా ఉంటుంది’లోని బలం ‘కదలదు’లోనే ఎక్కువ. మీ ఏడింటిలో చెప్పదగ్గ వింత ఆ నీడ ఒక్కటే. అందుకే దాని వాక్యాన్ని పొడుగు చేసి, ముందు చిన్న వాక్యం పెట్టాను. అన్నిటికీ సమానంగా ఐదేసి మాటలు పంచితే ఏది ముఖ్యమో చదివేవాడికి తెలిసే దారి లేదు.

ఇంకో దారి మీ ఊరి మాటలోనే ఉంది. అక్కడి పెద్దవాళ్లు ‘నీడ కదలదు, పొద్దటి సంది’ అంటారు. క్రియ అయిపోయాక ఒక మాట వెనక చేరుస్తారు. పోతన ‘వీడఁడు’ తర్వాత ‘గజప్రాణావనోత్సాహియై’ అని చేర్చింది కూడా ఇదే. ఆరు పనులు ఎందుకు చేయలేదో ఆ కారణం అన్నిటికన్నా చివర వచ్చింది. వచనంలోనూ ఇది ఒప్పే. పేరాకు ఒకసారి వస్తే అందం, రెండోసారి వస్తే ఉపన్యాసం.

‘మూడు గర్భగుళ్లు’ అని క్రియ లేకుండా ఆపడం సరేనా అని ఎవరైనా అడగొచ్చు. ‘ఆయన మా మాస్టారు’ అన్నప్పుడు క్రియ ఎటూ ఉండదు, కాబట్టి తెలుగుకు అది కొత్త కాదు. కానీ అక్కడ రెండు నామాలున్నాయి, ఇక్కడ ఒకటే. పత్రికలో నేను ఒప్పుకుంటాను. పరీక్ష పేపరులో దిద్దేవారు ఒప్పుకుంటారని గట్టిగా చెప్పలేను. పిల్లల చేత రాయించేటప్పుడు ‘గర్భగుళ్లు మూడు’ అని తిప్పించండి. అప్పుడది నిండు వాక్యమే, ఎవరూ కాదనలేరు.