ఆమె నంబరుకు శీను పేరు ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ. నేను, ఒక టీచరమ్మాయి ఆరేళ్లుగా ప్రేమించుకుంటున్నాం. వచ్చే బుధవారం ఆమె పుట్టినరోజు. పోయినేడు నేను పంపిన మెసేజ్ చూసి ‘సర్పంచ్ ఫ్లెక్సీ చదివినట్టుంది’ అన్నది. ఆమె అట్ల కాదు. సాగర్ గేట్లు చూద్దామని పోతుంటే హాలియా దాటినాక బండిలో పెట్రోల్ అయిపోతే, తిట్టకుండా నాతోపాటు నూకి, బంకు దగ్గర ఒకే సోడా కొని సగం నాకిచ్చిన మనిషి. ఈసారి నవ్వొచ్చేలా, ప్రేమగా ఏదైనా రాసివ్వండి. అమ్మ అప్పుడప్పుడు నా ఫోన్ చూస్తుంది కాబట్టి ఆమె నంబరుకు ‘శీను ఆఫీస్’ అని పేరు పెట్టుకున్నాను. ఎవరు చూసినా ఇబ్బంది రాకుండా ఉండాలి.

జవాబు: మెసేజ్ సంగతి పది నిమిషాల పని, చివర్లో చేద్దాం. నన్ను ఆపింది మీ ఉత్తరంలోని ఆఖరి రెండు వాక్యాలు. మీకు రాయడం రాక కాదు మీ మాట ఫ్లెక్సీలా తయారవుతున్నది. హాలియా ముచ్చట నాకు రెండు ముక్కల్లో ఎంత చక్కగా చెప్పారో చూసుకోండి. ఆమెకు రాసేటప్పుడు మాత్రం, అమ్మ చదివినా శీనుకే రాసినట్టు ఉండాలని చూసుకుంటున్నారు. ఆఫీసులో పనిచేసే శీనుకు ‘ఆయురారోగ్య ఐశ్వర్యాలతో వర్ధిల్లాలి’ అని కాక ఇంకేమి రాస్తారు?

కాబట్టి ఇక్కడ సరిచేసుకోవలసింది ఆ అమ్మాయితో కాదు, మీ అమ్మతో. ఆరేళ్లలో ఆమె ఇంట్లో ఎన్ని సంబంధాలు వచ్చి ఉంటాయో, ఒక్కొక్కదాన్ని ఏ సాకు చెప్పి తప్పించిందో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఉద్యోగం చేసుకుంటూ, తన కాళ్ల మీద తాను నిలబడిన ఆడపిల్లను మగవాడి పేరు కింద దాచిపెట్టడం నాకు నచ్చలేదు. ఆమెకు ఆ పేరు సంగతి తెలిస్తే మొదట నవ్వుతుంది, తరువాత రెండు రోజులు మాట్లాడదు. ఇక మీ అమ్మగారి విషయానికి వస్తే, పండగ పూట కూడా పదిసార్లు ఫోన్ చేసే ఆ శీను ఒక్కసారైనా ఇంటికి భోజనానికి ఎందుకు రాలేదని ఆమె ఈపాటికి అనుకొనే ఉంటుంది. అమ్మాయి వైపు నుంచి బెదిరింపులేమైనా ఉన్నాయని రాసి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. మీరు రాసింది అమ్మ ఫోన్ చూస్తుందన్న భయం ఒక్కటే.

ఇప్పుడు మెసేజ్. నవ్వు రావాలంటే జరిగిన సంగతి ఒక్కటే తీసుకోవాలి, అది కూడా మీరు బోల్తాపడినది అయి ఉండాలి. ఆమె వయసు మీద, బరువు మీద, ‘ఇంకా పెళ్లి కాలేదు’ అన్న మాట మీద హాస్యమాడకండి; అవి ఆమె ప్రతి ఫంక్షన్లోనూ చుట్టాల నోట వింటూనే ఉంటుంది. ‘నువ్వు నాకు దేవుడిచ్చిన వరం’ వంటివి ఎవరు ఎవరికి పంపినా సరిపోతాయి, అందుకే అవి ఆమెకు తగలవు. మీరిద్దరూ ఏ భాషలో కొట్లాడుకుంటారో ఆ భాషలోనే రాయండి. ప్రేమ మాట చివర రావాలి, అది వచ్చాక మళ్లీ జోకు వేయకూడదు; వేస్తే సిగ్గుపడి వెనక్కి తీసుకున్నట్టు ఉంటుంది. మీరు చెప్పిన ముచ్చటతో నేనైతే ఇట్లా రాస్తాను:

‘ఓ టీచరమ్మా, సాగర్‌కు 26 గేట్లున్నయి, గా దినం నా బండి ట్యాంకుల మాత్రం సుక్క పెట్రోల్ లేకుండె. రిజర్వ్‌ల ఇంక ముప్పై కిలోమీటర్లు పోతదన్న నా లెక్క నమ్మినవు చూడు, నువ్వు పిల్లలకు లెక్కలు ఎట్ల చెప్తున్నవో నాకు ఇప్పటికీ అనుమానమే. బంకు కాడ తిడ్తవనుకున్న, సగం సోడా ఇచ్చినవు. ఆరేండ్ల సంది బండినీ నన్నూ నూకుతనే ఉన్నవు. ఈ యేడు నువ్వు ఎక్కి కూసో, నేను నూకుత.’

ఆమె లెక్కల టీచరు కాకపోతే ఆ వాక్యం మార్చుకోండి. సోడాను మాత్రం తీసేయకండి, అది మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి పన్నెండుకు అందరి శుభాకాంక్షలతో కలిపి పంపకుండా, పొద్దున ఆమె బడికి బయలుదేరే ముందు పంపండి.

అయితే చివరి వాక్యం పంపాలంటే నూకే పని మొదలుపెట్టి ఉండాలి. ఈ ఆదివారం అమ్మ ఒంటరిగా బియ్యం ఏరుకుంటూనో, కూరగాయలు తరుగుతూనో ఉన్నప్పుడు పక్కన కూర్చొని ఫోన్ ఆమె చేతికిచ్చి, ‘అమ్మా, శీను అంటే ఈమె’ అని చెప్పండి. నాన్నకు తరువాత ఆమే చెబుతుంది. బుధవారానికి ఇంకా మూడు రోజులుంటాయి, ఒక పూట అలిగినా మళ్లీ మాట్లాడటానికి సరిపోతాయి.