మూడు బేసి కూడళ్లు వచ్చాయంటే లెక్క తప్పినట్టే

"విజయనగరంలో మా వీధుల మ్యాప్ గీశాను. క-గ, క-చ, క-ట, గ-చ, చ-ట రోడ్లు, ట నుంచి గుడి దాకా ఒక సందు. క, చ, ట దగ్గర మూడేసి రోడ్లు, గ దగ్గర రెండు. పెన్సిల్ ఎత్తకుండా, గీసిన గీతే మళ్లీ గీయకుండా మొత్తం గీయొచ్చా?"

గీయలేమండీ. కానీ ముందు మీ లెక్క సరిచేయాలి. మీరు రాసినవి కూడితే 3+2+3+3, అంటే 11. ప్రతి రోడ్డుకీ రెండు కొసలుంటాయి కాబట్టి ఆరు రోడ్లకు 12 రావాలి. ఆ పోయిన ఒకటి సందు చివర గుడి దగ్గరుంది. డెడ్ ఎండ్‌ని చాలామంది వదిలేస్తారు, అదీ ఒక బిందువే, దాని డిగ్రీ, అంటే అక్కడ కలిసే రోడ్ల సంఖ్య, 1. డిగ్రీ బేసిగా ఉన్న బిందువులు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. మూడు వస్తే మళ్లీ లెక్కపెట్టండి.

ఇప్పుడు బేసివి నాలుగు: క, చ, ట, గుడి. పెన్సిల్ ఒక కూడలిలోకి ఒక రోడ్డుమీద వచ్చి ఇంకో రోడ్డుమీద పోతుంది, అంటే రోడ్లు జతలుగా ఖర్చవుతాయి. జత దొరకని రోడ్డు మిగిలేది మొదలుపెట్టిన చోటో ఆగిన చోటో మాత్రమే. అందుకే బేసివి రెండుకు మించకూడదు. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలనూ ఒక్కోసారే దాటుతూ నడవడం కుదరదని 1736లో గణితజ్ఞుడు ఆయిలర్ అన్నదీ ఇందుకే, అక్కడా బేసివి నాలుగే.

నడవడానికైతే దారి ఉంది. గుడి సందులో వెళ్లి అదే సందులో వెనక్కి రండి. అప్పుడు ట 4, గుడి 2 అవుతాయి, క, చ మాత్రమే బేసి. క-గ-చ-ట-గుడి-ట-క-చ. మొదలు క దగ్గరో చ దగ్గరో పెట్టాలి, గ దగ్గర పెడితే కుదరదు.