77కీ 18కీ మధ్య మా టికెట్లు ఎక్కడ ఇరుక్కున్నాయంటే

ప్రశ్న: విదేశీ క్లయింట్‌తో మా టీమ్‌కి రోజూ ఏదో ఒక తగాదా. హెచ్‌ఆర్ వాళ్లు దేశాల సంస్కృతుల్ని అంకెల్లో పోల్చే హాఫ్‌స్టెడ్ స్కోర్లు, మన దేశానివీ వాళ్లవీ పక్కపక్కన పెట్టి, కారణం ఇదే అన్నారు. ఈ స్కోర్లు చూసి సమస్య ఎక్కడుందో నిజంగా చెప్పొచ్చా?

చెప్పలేరు. ఎక్కడ వెతకాలో ఒక అనుమానం మాత్రం ఇస్తాయి, అదీ సరిగ్గా చదివితే. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఒక డెన్మార్క్ క్లయింట్ ప్రాజెక్టులో రెండేళ్లు లీడ్‌గా చేశాను. మీకు చూపించినలాంటి స్లైడే మాకూ చూపించారు. మొదట నేనూ దాన్ని నమ్మాను.

మా స్లైడ్‌లో పవర్ డిస్టెన్స్, అంటే పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య అధికార దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్న దాని దగ్గర ఇండియాకి 77, డెన్మార్క్‌కి 18 అని ఉంది. అంత తేడా చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ట్రైనర్ చెప్పిన కథ ఇది: మీవాళ్లు పైవాళ్లకి ఎదురు చెప్పలేరు, అందుకని అర్థం కాకపోయినా ఎస్ అంటారు, తర్వాత డేట్ తప్పుతారు. అందరం తలలూపాం. ఊపక ఏం చేస్తాం, ఆ కథలో ఎవరి తప్పూ లేదు మరి. డెలివరీ మేనేజర్‌ది కాదు, అకౌంట్ మేనేజర్‌ది కాదు, కాంట్రాక్ట్ రాసినవాళ్లది అసలే కాదు. తప్పంతా వందకోట్ల మందిదీ. (ఈ ట్రైనింగులు ఎప్పుడూ రిలీజ్ వారంలోనే ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు.)

ట్రైనర్ ఉదాహరణగా తీసుకున్నది మా ఇన్వాయిస్ మాడ్యూల్‌లోని ఒక టికెట్. బిల్లులో కొంత మొత్తానికే క్రెడిట్ నోట్ ఇస్తే, అక్కడి 25 శాతం వ్యాట్‌ని ప్రతి లైనుకీ విడిగా రౌండ్ చేయాలా, చివర్లో మొత్తం మీద ఒకేసారి చేయాలా అన్నది స్పెక్‌లో లేదు. రెండు పద్ధతుల్లో లెక్క చిన్న మొత్తంలో తేడా వస్తుంది. ఆ తేడా అకౌంట్స్ వాళ్లకి నిద్రపట్టనివ్వదు. ఆ టికెట్ రెండు స్ప్రింట్లు జారింది. డెమోలో క్లయింట్ వైపు ప్రొడక్ట్ ఓనర్, "ఇది మొదటి రోజే ఎందుకు అడగలేదు?" అని మా కుర్రాణ్ణి నిలదీశాడు. వాడు ఒకసారి డెలివరీ మేనేజర్ వైపు చూసి తల దించుకున్నాడు. చూశారా, ఇదే పవర్ డిస్టెన్స్ అన్నాడు ట్రైనర్.

ఆ సాయంత్రం వాడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, ఒక్కసారి ఇది చూడు" అని ఒక షీట్ తెరిచాడు. మాకు 'క్లారిఫికేషన్ షీట్' అని ఒకటుండేది. సందేహాలన్నీ అందులో రాయాలి. వాటిని అకౌంట్ మేనేజర్ చూసి, వారానికోసారి, గురువారం నాడు క్లయింట్‌కి పంపుతాడు. వాడి ప్రశ్న టికెట్ తీసుకున్న రోజే అందులో ఉంది. రెండు పద్ధతులూ, ఒక ఉదాహరణ లెక్కతో సహా. పక్క కాలమ్‌లో అకౌంట్ మేనేజర్ రాసిన మాట: 'హోల్డ్'.

ఎందుకు ఆపాడంటే మాది ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్. ప్రశ్న అడిగితే క్లయింట్ జవాబు చెబుతాడు, ఆ జవాబులో పని పెరుగుతుంది, పెరిగిన పనికి డబ్బు రాదు. అందుకని పని పెంచేలా కనిపించే ప్రశ్నల్ని ఆయన ఆపేసేవాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. మా కుర్రాడు ఆ మాట డెమోలో అంటే సొంత కంపెనీ మనిషిని క్లయింట్ ముందు పట్టిచ్చినట్టవుతుంది. అందుకని నోరు మూసుకున్నాడు. అదే చోట కోపెన్‌హాగన్‌లో పుట్టినవాడున్నా నోరు మూసుకునేవాడేనని నా గట్టి నమ్మకం.

ఆ రాత్రే కూర్చుని అంతకుముందు ఆరు వారాల్లో డేట్ తప్పిన టికెట్లన్నీ లాగాను. 31 వచ్చాయి. ఒక్కోదానికి మూడు తేదీలు రాసుకున్నాను: మావాడికి సందేహం వచ్చిందెప్పుడు, అది క్లయింట్‌కి చేరిందెప్పుడు, జవాబొచ్చిందెప్పుడు. మొదటి తేదీ టికెట్లలో దొరకదు. కుర్రాళ్ల చాట్‌లు, షీట్ హిస్టరీ చూసి పట్టుకోవాలి. 19 టికెట్లలో సందేహం ఒకటి రెండు రోజుల్లోనే షీట్‌లో పడింది, అక్కడే ఇరుక్కుంది. ఏడింటిలో ప్రశ్న క్లయింట్‌కి చేరింది కానీ అవతలివాళ్లు వారం పైన జవాబివ్వలేదు. చాట్‌లో, షీట్‌లో, టికెట్‌లో ఎక్కడా ప్రశ్నే లేనివి ఐదు. అంటే ట్రైనర్ చెప్పిన కథ సరిపోయేది 31లో ఎక్కువలో ఎక్కువ ఐదింటికి.

ఇంకో సాక్ష్యం మా పక్క వరుసలోనే ఉంది. అదే క్లయింట్‌కి సపోర్ట్ చేసే టీమ్. వాళ్లకి గంటల లెక్కన బిల్లింగ్. ప్రశ్న అడిగితే పోయేదేం లేదు, ఇంకో గంట బిల్లవుతుంది. వాళ్లు నేరుగా క్లయింట్ చాట్‌లోనే అడిగేవాళ్లు, వాదించేవాళ్లు, "మీరు పంపిన ఫైలే తప్పు" అని మొహం మీదే చెప్పేవాళ్లు. అక్కణ్ణుంచి ఒకబ్బాయి మా టీమ్‌కి మారాడు. మూడు వారాల్లో మూగవాడైపోయాడు. వాడి దేశం మారలేదు, స్కోరూ మారలేదు, అవతలి ప్రొడక్ట్ ఓనర్ కూడా మారలేదు. మారింది కాంట్రాక్ట్, ప్రశ్న వెళ్లే దారి. రెండు టీములకీ ఉన్న 77, ఒక టీమ్‌లోనే గొడవ ఎందుకుందో ఎలా చెబుతుంది? మీ హెచ్‌ఆర్ వాళ్లని అడగాల్సింది ఈ ఒక్క ప్రశ్నే. మీ కంపెనీలో అదే దేశపు క్లయింట్‌తో గొడవ లేకుండా నడుస్తున్న టీమ్ ఒక్కటైనా ఉంటే, ముందు దాన్ని చూసి రండి.

అసలు ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా ఎవరూ చెప్పరు. హాఫ్‌స్టెడ్ డచ్ ఆయన. 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల దగ్గర తీసుకున్న సర్వేల మీద ఆయన మొదటి లెక్కలు కట్టాడు. పవర్ డిస్టెన్స్‌కి అడిగినవి మూడు: బాస్‌తో విభేదించడానికి ఉద్యోగులు భయపడతారా, మీ బాస్ నిర్ణయాలు ఎలా తీసుకుంటాడు, ఎలాంటి బాస్ అయితే మీకిష్టం. ఇవన్నీ బాస్ గురించే. క్లయింట్ గురించి ఒక్క ముక్క లేదు. పైగా అవి దేశాల సగటుల్ని పోల్చడానికి కట్టిన లెక్కలు, మనుషుల్ని కొలవడానికి కాదు. ఆ మాట హాఫ్‌స్టెడే చెప్పాడు. సర్వే మళ్లీ చేసుకునేవాళ్ల కోసం ఇచ్చిన మాన్యువల్ కూడా ఒక్కో గుంపులో 20 మందికి తగ్గకూడదు, 50 మంది ఉంటే మంచిదంటుంది. మా వైపు 11 మంది, వాళ్ల వైపు నలుగురు.

అన్‌సర్టెన్టీ అవాయిడెన్స్, అంటే అనిశ్చితికి ఎంత ఇబ్బంది పడతారన్న స్కోరు దగ్గర ఇంకా దారుణం. మావాళ్లు ప్రతిదీ రాతపూర్వకంగా అడుగుతున్నారని క్లయింట్ ఫిర్యాదు. ట్రైనర్ వెంటనే, ఇండియన్స్‌కి అనిశ్చితి అంటే భయం అన్నాడు. తన స్లైడ్‌లోనే ఇండియా 40! జపాన్ 92 పక్కన పెడితే అది తక్కువే. డెన్మార్క్ 23 కాబట్టి పక్కన మనది ఎత్తుగా కనిపిస్తుంది, అంతే. దానికీ మూడు ప్రశ్నలే: కంపెనీ రూల్స్ ఎప్పుడూ తప్పకూడదా, ఈ ఉద్యోగంలో ఎన్నాళ్లుంటారు, పనిలో ఎంత తరచుగా టెన్షన్ పడతారు. స్పెక్ రాసివ్వమని అడగడానికీ వీటికీ ఏం సంబంధం? మేం రాతలో అడిగింది పెనాల్టీ క్లాజ్ ఉంది కాబట్టి. ఇండివిడ్యువలిజం, అంటే గుంపు కంటే మనిషికి ఎంత విలువిస్తారన్న స్కోరు సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఏళ్ల తరబడి పుస్తకాల్లో ఇండియాకి 48 అని చదివాం, తర్వాత వెబ్‌సైట్‌లో అది 24 అయింది. మధ్యలో మనమేం చేశామో మనకే తెలియదు.

మరి ఆ ఐదు టికెట్ల సంగతేంటి అంటారా? అక్కడ స్కోరు పనికొచ్చిందని ఒప్పుకుంటాను. ఐదులో నాలుగు కొత్తగా చేరినవాళ్లవి. పైవాళ్ల ముందు నోరు విప్పడం లేదేమో అన్న అనుమానం పరీక్షించడానికి, మా డెలివరీ మేనేజర్‌ని బతిమాలి రెండు వారాలు రోజువారీ కాల్‌కి రావద్దన్నాను. ఆయనకి కోపం వచ్చింది, అది వేరే కథ. ఆయన లేని కాల్స్‌లో కొత్తవాళ్లు ప్రొడక్ట్ ఓనర్‌ని బాగానే అడిగారు. ఆయన తిరిగొచ్చిన రోజు మళ్లీ నిశ్శబ్దం. అంటే భయం అప్రైజల్ రాసే మనిషి ముందే, డెన్మార్క్ వాళ్ల ముందు కాదు. ట్రైనర్ మందు పూసింది ఆరోగ్యంగా ఉన్న కాలికి.

తర్వాత చేసినవి చిన్న పనులే. షీట్ తీసేసి ప్రశ్నలు టికెట్‌లోనే, క్లయింట్‌కి కనిపించేలా పెట్టించాం. ప్రశ్న అడిగినంత మాత్రాన అది పని మార్చమన్నట్టు కాదనీ, జవాబు వల్ల పని రెండు రోజులు దాటి పెరిగితేనే డబ్బు మాట్లాడుకుందామనీ ఇరువైపులా ఒక పేజీ రాసుకున్నాం. దీనికే నాలుగు నెలలు పట్టింది, వాళ్ల లీగల్ వాళ్ల వల్ల. కాల్ చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అనడం మానేసి, పని తీసుకున్నవాడు ఏం చేయబోతున్నాడో వాడి మాటల్లోనే చెప్పించడం మొదలుపెట్టాం.

అన్నీ సర్దుకున్నాక కూడా ఒక చిరాకు మిగిలింది. ప్రొడక్ట్ ఓనర్ మా కుర్రాణ్ణి ప్రతి విషయం మూడుసార్లు అడిగేవాడు. శుక్రవారానికి అవుతుందా అంటాడు, అవుతుంది అంటే నిజంగానా అంటాడు, పది నిమిషాల తర్వాత మళ్లీ చాట్‌లో అడుగుతాడు. "అన్నా, ఆయనకి నామీద నమ్మకం లేదా?" అని వాడు నా దగ్గర బాధపడ్డాడు. చివరికి నేనే ఆయన్ని విడిగా అడిగాను. వాళ్లకీ ట్రైనింగ్ ఇచ్చారట. ఇండియన్స్ ఎస్ అంటే విన్నాను అని మాత్రమే అర్థం, కనీసం మూడుసార్లు అడగండి అని. స్లైడ్ కూడా చూపించాడు. అవే రంగులు, అదే 77, అదే 18.